గృహప్రవేశం తేదీ చెప్పే ముందు మేస్త్రిని అడగవలసిన మూడు అంకెలు

ప్రశ్న: నేను చిన్న ఇళ్ళు కట్టించే సైట్ ఇంజనీరును. స్లాబు పడి సెంట్రింగ్ తీసేసిన ఒక ఇంటి యజమాని, ముహూర్తం పెట్టించుకుంటాం, తేదీ చెప్పమంటున్నారు. మేస్త్రీలను అడిగితే గోడల కట్టుబడి 15, పైపులూ వైరింగూ 7, ప్లాస్టరింగ్ 20, టైల్స్ 10, పెయింటింగ్ 15 అన్నారు. మొత్తం 67 పనిదినాలు. ఇలాగే లెక్క వేసిన గత మూడు ఇళ్ళూ రెండు మూడు వారాలు ఆలస్యమయ్యాయి. ప్రతి పనికీ మూడు అంకెలు తీసుకునే పద్ధతి ఒకటుందని విన్నాను. అది నిజంగా పనికొస్తుందా, లేక 67కు ఒక పదిహేను రోజులు కలిపి చెబితే సరిపోతుందా?
(ఒక సైట్ ఇంజనీరు, గుడివాడ)

సమాధానం:

మీ మేస్త్రీలు చెప్పిన అంకెల్లో ఏ ఒక్కటీ తప్పు కాకపోవచ్చు. తప్పు వాటిని కూడడంలో ఉంది. ప్లాస్టరింగ్ మేస్త్రి ఇరవై రోజులు అన్నప్పుడు, తాను చేసిన ఇళ్ళలో ఎక్కువసార్లు ఎన్ని రోజులు పట్టిందో ఆ అంకెనే నిజాయితీగా చెబుతాడు. అయితే ఆ ఇరవైకి రెండు పక్కలా ఉన్న ఖాళీ సమానం కాదు. ఎంత మంచి ముఠా వచ్చినా, ఇసుకా సిమెంటూ గుమ్మం ముందే ఉన్నా, ఆ పని పదిహేను రోజులకన్నా ముందు అవ్వదు, అంటే కలిసివచ్చేది మహా అయితే ఐదు రోజులు. అదే ఇసుక లారీ ఆగిపోయి, ముఠాలో నలుగురు వరి కోతలకు ఊరెళ్ళి, ఎలక్ట్రీషియన్ మరచిపోయిన పాయింటు కోసం పూసిన గోడను మళ్ళీ కోస్తే, ఇరవై కాస్తా ముప్ఫై ఐదూ దాటుతుంది. పైకి పోయే దారి పొడవు, కిందికి వచ్చే దారి పొట్టి. ఇలాంటి పనులు ఐదు వరసగా ఉన్నప్పుడు వాటి మామూలు అంకెలన్నీ కూడితే, ఏ పనిలోనూ ఏ ఆటంకమూ రాని ఇంటి తేదీ వస్తుంది. అటువంటి ఇల్లు ఉండదని కాదు, అరుదు.

మూడు అంకెల పద్ధతి ఈ వంపును లెక్కలోకి తెస్తుంది. అన్నీ కలిసొస్తే పట్టే రోజులు అనుకూల కాలం, ఎక్కువసార్లు పట్టే రోజులు సాధారణ కాలం, ఆటంకాలు వస్తే పట్టే రోజులు ప్రతికూల కాలం అనుకుందాం. అనుకూల కాలానికి సాధారణ కాలాన్ని నాలుగు రెట్లు చేసి కలిపి, దానికి ప్రతికూల కాలాన్ని చేర్చి, వచ్చినదాన్ని ఆరుతో భాగిస్తే ఆ పనికి సగటున పట్టే కాలం వస్తుంది. ప్రతికూలంలోంచి అనుకూలాన్ని తీసేసి ఆరుతో భాగిస్తే, ఆ పని సగటుకు అటూ ఇటూ ఎంత ఊగుతుందో తెలుస్తుంది. లెక్కల పుస్తకాల్లో దీన్ని ప్రామాణిక విచలనం అంటారు, నేను ఇక్కడ ఊగు అంటాను. ఎక్సెల్‌లో B, C, D నిలువు వరసల్లో మూడు అంకెలూ వరసగా ఉంటే ఈ రెండు గళ్ళూ చాలు:

```
=(B2+4*C2+D2)/6
=(D2-B2)/6
```

ఈ సూత్రం 1958లో అమెరికా నౌకాదళం పొలారిస్ క్షిపణి పనిని అదుపులో పెట్టుకోవడానికి తయారుచేయించుకున్న పెర్ట్ పద్ధతిలోది. వేల పనులను గమనించి, కొలిచి, ఆ కొలతల్లోంచి తీసిన సూత్రం కాదని మీరు గుర్తుంచుకోవాలి. ఇంతకుముందు ఎవరూ చేయని పనులకు చేతితో లెక్కించడానికి వీలుగా, బుద్ధికి సరిపోయేలా ఎంచుకున్న ఆకారం అది. కాబట్టి అందులోని నాలుగుకూ ఆరుకూ శాసనానికి ఇచ్చేంత మర్యాద ఇవ్వనక్కరలేదు. దీని అసలు విలువ భాగహారంలో కన్నా, రెండు కొసలూ చెప్పమని మేస్త్రిని అడగడంలో ఎక్కువగా ఉంది.

ఆ అడగడం గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే చాలామంది ఇక్కడే పద్ధతిని పాడుచేస్తారు. ముందు «మామూలుగా ఎన్ని రోజులు» అని అడిగి, ఇరవై అని విన్నాక «తొందరగా అయితే, ఆలస్యమైతే» అని అడిగితే, మేస్త్రి ఆ ఇరవైని పట్టుకునే ఉంటాడు. పద్దెనిమిది, ఇరవై రెండు అంటాడు. ఆ మూడింటినీ సూత్రంలో వేసి చూడండి, మళ్ళీ ఇరవయ్యే వస్తుంది. రెండు కొసలూ మధ్య అంకెకు సమాన దూరంలో ఉంటే సూత్రం మీకు కొత్తగా ఏమీ చెప్పదు, ఒక్క అంకెనే మూడు గళ్ళలో రాసినట్టవుతుంది. అందుకే నేను ప్రతికూల కాలాన్ని ముందు అడుగుతాను, అదీ రోజుల్లో కాకుండా సంఘటనల్లో.

ఒకసారి ఇలాంటి ఇంటి దగ్గరే, కట్టుబడి నడుస్తుండగా, ప్లాస్టరింగ్ మేస్త్రితో ఇటుకల దొంతి మీద కూర్చుని మాట్లాడాను. ఎన్ని రోజులని అడగలేదు. «ఈమధ్య నువ్వు చేసిన ఇళ్ళలో బాగా లేటయినది ఏది, అక్కడ ఏమైంది?» అని అడిగాను. ఆయన కాసేపు ఆలోచించి, «ఇసుక రాక ఆరు రోజులు ఖాళీగా కూచున్నామండీ, కోతలకని మనుషులు ఎల్లిపోతే ఇంకో ఐదు రోజులు సగం మందితో లాగాం, పైగా కరెంటు కుర్రాళ్ళు మళ్ళీ గాడి కొడితే ఆ మాసికలకూ తడుపుకూ ఓ ఆరు రోజులు పోయాయి» అన్నాడు. ఇరవైకి ఆరు, ఐదు, ఆరు కలిపితే ముప్ఫై ఏడు. అది నేను ఊహించిన అంకె కాదు, ఆయన చేతుల మీదుగా జరిగిన మూడు సంగతుల మొత్తం. తరువాత బాగా తొందరగా అయిన ఇంటి గురించి అడిగాను, పదిహేను అన్నాడు. చివరగా మామూలుగా ఎంత అని అడిగితే ఇరవై అన్నాడు. మధ్య అంకె ఆఖరున రావడం వల్ల అది ఆ రెండింటినీ తనవైపు లాక్కోలేదు.

ప్రతికూల కాలంలో ఏవి చేర్చాలో, ఏవి చేర్చకూడదో కూడా ముందే తేల్చుకోవాలి. తుఫాను వచ్చి ఊరు మునిగితే ఎంత ఆలస్యమన్నది అందులోకి రాదు, అప్పుడు యజమాని కూడా మిమ్మల్ని తేదీ అడగడు. అలాగే సంక్రాంతికి ముఠా వారం రోజులు ఊళ్ళకు పోతుందన్నది కూడా రాదు, ఎందుకంటే అది అనుమానం కాదు, ఖాయంగా జరిగేది. దాన్ని క్యాలెండరులోనే సెలవుగా కొట్టేయాలి. ఖాయమైన సెలవును ప్రతికూల కాలంలో పెడితే సూత్రం దానిలో ఆరో వంతే లెక్కలోకి తీసుకుంటుంది, మిగతా రోజులు మీ చేతిలోంచి జారిపోతాయి.

ఇప్పుడు మీ ఇంటి లెక్క చూద్దాం. మధ్య అంకెలు మీవే. కొసలు మాత్రం ఈపాటి ఇళ్ళలో నేను చూసినవాటిని బట్టి వేశాను, మీ ముఠాలను అడిగాక వాటిని మార్చుకోండి.

| పని | అనుకూలం | సాధారణం | ప్రతికూలం | సగటు | ఊగు |
|---|---|---|---|---|---|
| గోడల కట్టుబడి | 12 | 15 | 24 | 16 | 2.0 |
| పైపులు, వైరింగు | 5 | 7 | 15 | 8 | 1.7 |
| ప్లాస్టరింగ్ | 15 | 20 | 37 | 22 | 3.7 |
| టైల్స్ | 8 | 10 | 18 | 11 | 1.7 |
| పుట్టీ, పెయింటింగ్ | 12 | 15 | 30 | 17 | 3.0 |

సగటులన్నీ కూడితే 74 వస్తుంది. ఒక్కో పనిలో ఒకటో రెండో రోజుల తేడాయే కనబడుతుంది, అందుకే విడివిడిగా చూసినప్పుడు ఎవరూ దాన్ని పట్టించుకోరు. ఐదు పనులు దాటేసరికి అది ఏడు పనిదినాలు, అంటే వారం పైన.

ఊగును మాత్రం నేరుగా కూడకూడదు. ఒక పని ఆలస్యమైతే మరొకటి కాస్త తొందరగా అయ్యే అవకాశం ఉంటుంది కనుక, ఒక్కో ఊగునూ వర్గం చేసి, ఆ వర్గాలను కూడి, మొత్తానికి వర్గమూలం తీయాలి. మీ ఐదు పనుల వర్గాల మొత్తం 32, దాని వర్గమూలం సుమారు 5.7. సగటుకు ఈ ఊగును 1.28 రెట్లు కలిపితే, పదింటిలో తొమ్మిదిసార్లు నిలబడే తేదీ వస్తుంది, అది ఇక్కడ 81 రోజులు. 0.84 రెట్లు కలిపితే ఐదింటిలో నాలుగుసార్లు నిలబడే తేదీ, అది 79. మీరు వేసిన 67 ఈ లెక్కలో తొమ్మిది ఇళ్ళలో ఒక్కదానికి మాత్రమే అందే తేదీ.

ఇక్కడ ఒక పెద్ద హెచ్చరిక ఉంది, నా అనుభవంలో ఈ పద్ధతిని వాడేవాళ్ళలో ఎక్కువమంది దీన్ని దాటేసి పోతారు. వర్గాలు కూడి వర్గమూలం తీయడం, ఒక పనిలోని ఆలస్యానికీ మరో పనిలోని ఆలస్యానికీ సంబంధం లేనప్పుడే న్యాయం. మీ ఇంట్లో కట్టుబడికీ ప్లాస్టరింగ్‌కూ ఇసుక తెచ్చేది ఒకే లారీ అయి ఉంటుంది. రెండింటికీ ఒకే మేస్త్రి అయితే, ఆయన మరో సైటు ఒప్పుకున్నప్పుడు రెండు పనులూ కలిసి దెబ్బతింటాయి. యజమాని డబ్బు సర్దుబాటులో ఇబ్బంది పడితే ఐదూ ఆగుతాయి. పనులన్నీ పూర్తిగా కలిసి ఊగుతాయనుకుంటే ఊగులను నేరుగా కూడాలి, అప్పుడు మొత్తం ఊగు 12 అవుతుంది, పదింటిలో తొమ్మిదిసార్లు నిలబడే తేదీ 89కి పోతుంది. నిజం ఈ 81కీ 89కీ మధ్య ఎక్కడో ఉంటుంది. రెండు లెక్కలూ వేసి, ముఠాలూ సరఫరాదారులూ ఎంత వేరువేరో చూసుకుని మధ్యలో ఒక అంకె తీసుకోవడం నా అలవాటు. మీ ఇంటికి 85 అనుకుందాం.

ఇంకా ఒకటి మిగిలింది. మీ జాబితాలో తలుపులు లేవు. ద్వారబంధాలు కట్టుబడిలోనే నిలబెట్టేస్తారు, కానీ తలుపు రెక్కలూ కిటికీ రెక్కలూ వడ్రంగి దగ్గర వేరుగా తయారై, పెయింటింగ్ మొదలయ్యేలోగా రావాలి. ఆ పని మిగతావాటితో పాటు పక్కనే నడుస్తుంది కాబట్టి రోజుల కూడికలో కనబడదు, మీరూ అందుకే రాసి ఉండరు. వడ్రంగికి ఈ వారమే కలప ఇచ్చామనుకుని 36, 54, 84 రోజులు వేద్దాం. సగటు 56, ఊగు 8. మన వరస పనులు టైల్స్ దాకా పూర్తవడానికి సగటున 57 రోజులు. రెండూ ఇంచుమించు ఒకేసారి అవుతున్నాయి కదా, 57వ రోజు నాటికి పెయింటర్లను పిలవవచ్చని అనిపిస్తుంది.

కానీ అలా జరగదు. 57వ రోజుకు టైల్స్ అయిపోయి ఉండే అవకాశం సుమారు సగం. అదే రోజుకు తలుపులు వచ్చి ఉండే అవకాశమూ సగం కంటే కాస్త మాత్రమే ఎక్కువ. రెండూ కలిసి సిద్ధంగా ఉండే అవకాశం పావు చిల్లర. పెయింటరు ఆ రెండింటిలో ఆలస్యమైనదాని కోసం ఆగాలి కనుక, లెక్క వేస్తే పెయింటింగ్ సగటున 60వ రోజు మొదలవుతుంది. ఏ ఒక్క పని సగటూ పెరగకపోయినా, రెండు దారులు కలిసే చోట సగటున మూడు రోజులు పోయాయి. ఈ మూడూ కలిపితే సగటు 77 అవుతుంది, మీరు చెప్పిన 67 కన్నా పది పనిదినాలు ఎక్కువ. వారానికి ఆరు పనిదినాలు కనుక అది రెండు వారాలకు దగ్గర. మీ గత మూడు ఇళ్ళ కథ ఇదేనని నాకు అనిపిస్తోంది, వాటిలో మీ దురదృష్టం పెద్దగా ఏమీ లేదు. పదింటిలో తొమ్మిదిసార్లు నిలబడే తేదీ 85కు మూడు కలిపి 88 అవుతుంది, అంటే పదిహేను వారాలకు రెండు రోజులు తక్కువ.

67కు పదిహేను కలిపితే 82 వస్తుంది, అది పెద్దగా దూరం కూడా కాదు. అయినా దాన్ని నేను ఎందుకు ఒప్పుకోనంటే, ఆ పదిహేను దేనికోసమో మీకు తెలియదు. రేపు ప్లాస్టరింగ్ అనుకున్నట్టే ఇరవై రోజుల్లో అయిపోతే ఆ పదిహేనులో ఎన్ని మిగిలాయో చెప్పలేరు. డూప్లెక్స్ ఇంటికీ పదిహేనే కలుపుతారా? పెయింటింగ్ ఒక్కటే మిగిలిన ఇంటికీ పదిహేనే కలుపుతారా? పైగా యజమాని బేరం మొదలుపెట్టి, «పదిహేనెందుకండీ, వారం చాలదా?» అంటే మీ దగ్గర జవాబు ఉండదు. ప్లాస్టరింగ్‌కు 37 ఎలా వచ్చిందో, ఇసుకకు ఆరూ కోతలకు ఐదూ మాసికలకు ఆరూ అని వరసగా చెప్పగలిగితే, ఆయనే ఇసుక ముందుగా తోలిస్తానని ముందుకు రావచ్చు. అప్పుడు ప్రతికూల కాలం 31కి తగ్గుతుంది, తేదీ న్యాయంగానే ముందుకు జరుగుతుంది.

అలాగని ప్రతిదానికీ మూడు అంకెలు తీయమని నేను చెప్పను. వాటర్ ట్యాంకు ఎక్కించడం, స్విచ్చులు బిగించడం వంటి ఒకటి రెండు రోజుల పనులకు ఒక్క అంకె చాలు, వాటి ఊగు మొత్తంలో కనబడదు. ఒకే ముఠాతో ఒకే రకం ఇళ్ళు పది పదిహేను కట్టి, ప్రతి పనికీ ఎన్ని రోజులు పట్టిందో పుస్తకంలో రాసుకున్నవారికి కూడా మూడు ఊహలు అక్కరలేదు. ఆ పుస్తకంలోని సగటూ, అందులోని ఎక్కువ తక్కువలూ ఏ సూత్రంకన్నా నమ్మదగినవి. తేదీ మారినా మీరు చేసే ఏర్పాటు మారకపోతే కూడా దీనికి శ్రమపడడం దండగ. ఇక ఎవరికీ బొత్తిగా తెలియని పని ఉంటుంది, ఉదాహరణకు మీ ముఠా ఎప్పుడూ వేయని రకం ఫ్లోరింగ్. అక్కడ తెలియని ఒక్క అంకె స్థానంలో తెలియని మూడు అంకెలు రాయడం తప్ప ఈ పద్ధతి చేసేదేమీ లేదు. ఒక గదిలో వేయించి చూసి, పట్టిన రోజులను బట్టి మిగతాదానికి అంచనా వేయాలి.

ఈ పద్ధతి నిజంగా ఒక్క అంకెను మించిపోయేది, ఆలస్యం దారి పొడవుగా ఉన్న పనులు వరసగా ఉండి, చెప్పిన తేదీ తప్పితే నష్టం పెద్దదైనప్పుడు. గృహప్రవేశం సరిగ్గా అటువంటిది. మామూలు పనిలో రెండు రోజుల ఆలస్యం రెండు రోజుల ఆలస్యమే. ముహూర్తం తప్పితే తరువాతి మంచిరోజు దాకా ఆగాలి, మధ్యలో ఆషాఢమో భాద్రపదమో పుష్యమో అడ్డుపడితే నెల దాటుతుంది. శుభలేఖలు పంచేసి ఉంటారు, అద్దె ఇల్లు ఖాళీ చేస్తామని చెప్పేసి ఉంటారు. రెండు రోజుల ఆలస్యం నెల రోజుల నష్టంగా మారే చోట సగటు తేదీ చెప్పడం కూడా ప్రమాదమే, ఎందుకంటే సగటు దాదాపు సగం సార్లు తప్పుతుంది. అందుకే యజమానికి మీరు చెప్పవలసింది 77 కాదు, 88 దాటాక వచ్చే మొదటి ముహూర్తం.

మేస్త్రీలకు మాత్రం 88 చెప్పకండి. ప్లాస్టరింగ్ ముఠాకు ముప్ఫై రోజులున్నాయని తెలిస్తే, వాళ్ళు మధ్యలో మరో ఇంటి పని ఒప్పుకుంటారు, దానికి వాళ్ళను తప్పుపట్టలేం. వాళ్ళతో ఇరవై రోజుల మీదే మాట్లాడండి. 67కూ 88కీ మధ్య ఉన్న 21 రోజులను ఏ పనికీ పంచకుండా చివర్లో ఒకే మూటగా మీ దగ్గర ఉంచుకోండి. ఏ పని ఆలస్యమైనా అందులోంచి తీసి రాసుకుంటూ పోతే, మూట ఎంత వేగంగా కరుగుతోందో వారం వారం కళ్ళకు కనబడుతుంది. కట్టుబడి ఒక్కటే ఎనిమిది రోజులు తినేసిందంటే, ఆ ఆలస్యం ఆ పనికే పరిమితమా, లేక మనుషుల కొరత లాగా ముందు పనులనూ పట్టుకునే రకమా అని అప్పుడే ఆరా తీయవచ్చు.

మీ కొసలు నిజమైనవో కావో తెలుసుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. ప్రతి పనికీ ముందు చెప్పిన మూడు అంకెల పక్కన, చివరకు పట్టిన రోజులు రాసుకోండి. ఇంటికి ఐదు పనుల చొప్పున నాలుగు ఇళ్ళయ్యేసరికి ఇరవై వరసలు వస్తాయి. ఆరుతో భాగించే లెక్క, ప్రతికూల కాలం నూటికి ఒకసారి మాత్రమే దాటేటంత దూరంలో ఉందన్న నమ్మకం మీద నడుస్తుంది, కాబట్టి ఇరవైలో దాన్ని దాటినవి ఉండకూడదు, ఉంటే ఒకటి. మూడు నాలుగు దాటాయంటే, మీ మేస్త్రీలు ప్రతికూలం అని చెబుతున్నది చాలా దగ్గరి అంకె అన్నమాట. మనుషులు సహజంగా అలాగే చెబుతారు, జరిగినదాంట్లో మరీ చెడ్డది చప్పున గుర్తురాదు. వాళ్ళ అనుకూల, ప్రతికూల కొసలు ఒక్కొక్కటీ ఇరవైలో ఒకసారి దాటే రకమని తేలితే, ఆరుకు బదులు 3.2తో భాగించాలి. అప్పుడు సగటు పెద్దగా మారదు కానీ ఊగు ఇంచుమించు రెట్టింపవుతుంది. సంబంధం లేని పనులన్న లెక్కలోనే 5.7 కాస్తా 10.6 అవుతుంది. పుస్తకం లేకపోతే ఈ తేడా మీకు ఎన్నటికీ తెలియదు.

మీ యజమానికి ఈ వారమే తేదీ ఇచ్చి తీరాలా అన్నది కూడా ఒకసారి అడిగి చూడండి. పట్టిక మళ్ళీ చూస్తే, ఊగుల వర్గాల మొత్తం 32లో 13 పైగా ప్లాస్టరింగ్ ఒక్కదానిదే. అది అయిపోయిన రోజున మిగిలేది టైల్సూ పెయింటింగూ మాత్రమే, వాటి సగటు 28 రోజులు, ఊగు 3.4. అప్పుడు పదింటిలో తొమ్మిదిసార్లు నిలబడే తేదీ మరో 32 రోజులు, ఆ రెండు పనులూ పూర్తిగా కలిసి ఊగుతాయనుకున్నా 34. తలుపులు ఈలోగా వడ్రంగి దగ్గర ఏ దశలో ఉన్నాయో కూడా కళ్ళతో చూసి ఉంటారు. ఐదున్నర వారాల ముందు ముహూర్తం ఖాయం చేసుకుంటే శుభలేఖలకూ పిలుపులకూ వ్యవధి సరిపోతుందని యజమాని ఒప్పుకుంటే, ఇప్పుడు ఆయనకు 88 దాటాక వచ్చే ముహూర్తాన్ని అనుకోమని మాత్రమే చెప్పి, ప్లాస్టరింగ్ చివరి గోడ పూసిన రోజున ఖాయమైన మాట ఇవ్వండి. ఆ లోపల మొట్టమొదట చేయవలసింది వడ్రంగి దగ్గరకు వెళ్ళి, ఈమధ్య ఆయన చేతిలో బాగా ఆలస్యమైన తలుపులు ఎవరివో, ఎందుకు ఆలస్యమయ్యాయో కనుక్కోవడం. మీ జాబితాలో లేని పని అదొక్కటే, అన్నిటికన్నా ఎక్కువ ఊగుతున్నదీ అదే.